ఓపెన్ రేట్ 46 శాతం, చదివింది ఎందరు? ఈమెయిల్ క్యాంపెయిన్ లెక్కల ప్రాజెక్టు డైరీ

చేనేత చీరలు అమ్మే ఒక చిన్న ఆన్‌లైన్ షాపు లిస్టు మీద చేసిన పని ఇది. కొనేవాళ్లలో ఎక్కువమంది తెలంగాణ, ఆంధ్రల్లో ఉన్నారు, మిగిలినవాళ్లు అమెరికాలో. లిస్టులో 12,000 అడ్రసులు, వారానికో మెయిలు. షాపువాళ్లు అడిగింది ఒకటే: "ఓపెన్లు ఏడాదికేడాది పెరుగుతున్నాయి, ఆర్డర్లు పెరగవేం?" అంకెలు ఈ ఒక్క లిస్టువే కాబట్టి వీటిని మీ లిస్టుకు కొలబద్ద చేసుకోవద్దు. లెక్క వేసిన పద్ధతిని మాత్రం దించుకోవచ్చు.

దశ 1: కావలసిన ఫైళ్లు

మెయిల్ టూల్ డ్యాష్‌బోర్డులో కనిపించే శాతాలతో ఈ పని సాగదు. ముడి ఈవెంట్లు దించుకోవాలి.

1. పంపినవాటి ఫైలు: మనిషి ఐడీ, క్యాంపెయిన్, చేరిందా బౌన్స్ అయిందా.
2. ఓపెన్ల ఫైలు: మనిషి ఐడీ, క్యాంపెయిన్, సమయం, యూజర్ ఏజెంట్, అంటే తెరిచిన యాప్ లేదా సర్వర్ తన గురించి చెప్పుకునే వరుస.
3. క్లిక్‌ల ఫైలు: మనిషి ఐడీ, క్యాంపెయిన్, సమయం, ఏ లింకు, యూజర్ ఏజెంట్, ఐపీ.
4. షాపు ఆర్డర్లు: మనిషి ఐడీ, సమయం, మొత్తం, డెలివరీ అయిందా, వెనక్కి వచ్చిందా.

తప్పు మొదటి రోజే దొరికింది. మెయిల్ టూల్ సమయాలు యూటీసీలో ఉన్నాయి, షాపువి భారత కాలమానంలో. రెంటికీ మధ్య ఐదున్నర గంటల తేడా. పొద్దున 10 గంటలకు చీర కొని, 12 గంటలకు మెయిల్లో లింకు నొక్కిన మనిషి ఉన్నారనుకోండి. ఆ క్లిక్ ఫైల్లో 6:30 అని పడుతుంది. లెక్కలో మాత్రం క్లిక్ ముందు, కొనడం తర్వాత అయినట్టు కనిపించి, మెయిలు చేయని అమ్మకం మెయిలు ఖాతాలో పడుతుంది. అన్నిటినీ యూటీసీకి మార్చాకే మిగతా పని మొదలైంది.

దశ 2: ఓపెన్ రేట్‌ను విడదీయడం

మెయిల్లో కంటికి కనపడని చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ బొమ్మ సర్వర్ నుంచి దిగితే టూల్ దాన్ని ఓపెన్ అని రాసుకుంటుంది. బొమ్మను దించింది మనిషా, యంత్రమా అన్నది దానికి తెలియదు. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో ఆపిల్ 'మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్' తెచ్చింది. అది ఆన్‌లో ఉన్న ఫోన్లలో, మనిషి మెయిలు చూసినా చూడకపోయినా, ఆపిల్ సర్వర్లే బొమ్మలను ముందుగా దించి పెట్టుకుంటాయి. తెరవకుండానే తెరిచినట్టు నమోదవుతుంది.

మొదటి క్యాంపెయిన్ లెక్క:

- పంపినవి 12,000, బౌన్స్ 240, చేరినవి 11,760
- ఓపెన్ చేసినట్టు టూల్ చెప్పిన మనుషులు 5,410
- ఓపెన్ రేట్ 46.0%

ఇందులో ఆపిల్ వాటా ఎంతో తేల్చడానికి చేసిన మొదటి ప్రయత్నం తప్పింది. `@icloud.com` అడ్రసులను పక్కన పెడితే సరిపోతుందనుకున్నాం. అవి 110 మాత్రమే వచ్చాయి. అసలు సంగతి అడ్రసులో లేదు, చదివే యాప్‌లో ఉంది. జీమెయిల్ అడ్రసును ఐఫోన్‌లోని ఆపిల్ మెయిల్ యాప్‌లో పెట్టుకున్నవాళ్లు ఈ యంత్రపు ఓపెన్ల కిందికే వస్తారు. అదే ఐఫోన్‌లో జీమెయిల్ యాప్ వాడేవాళ్లు రారు. కాబట్టి డొమైన్‌ను వదిలి యూజర్ ఏజెంట్ పట్టుకున్నాం.

1. యూజర్ ఏజెంట్ ఉత్త `Mozilla/5.0` అని ఆగిపోతే అది ఆపిల్ ప్రాక్సీ, అంటే బొమ్మలను ముందుగా దించే ఆ సర్వర్. మామూలు బ్రౌజర్ అయితే ఆ తర్వాత బారెడు వివరం ఉంటుంది.
2. `GoogleImageProxy` అని ఉంటే జీమెయిల్. బొమ్మ గూగుల్ సర్వర్ మీదుగానే వస్తుంది గానీ, మామూలుగా మనిషి తెరిచినప్పుడే వస్తుంది.
3. ఒకే మనిషికి రెండు రకాల ఓపెన్లూ ఉంటే మనిషి తెరిచినట్టే లెక్క.
4. ఓపెన్ నమోదు కాకుండా నిజమైన క్లిక్ ఉంటే ఓపెన్ కూడా ఉన్నట్టే. కంపెనీల అవుట్‌లుక్‌లో బొమ్మలు ఆపి ఉంచుతారు కాబట్టి ఇలాంటివి వస్తుంటాయి.

ఇలా జల్లిస్తే 5,410లో ఆపిల్ ప్రాక్సీవి 3,290, జీమెయిల్‌వి 1,620, మిగతావి 500. అంటే అరవై శాతం ఓపెన్లకు మనిషి సాక్ష్యం లేదు. ఆ 3,290 మంది చదవలేదని కాదు, చదివారో లేదో తెలియదు. తెలిసిన మేరకు లెక్క ఇలా ఉంది:

```
2120 / (11760 - 3290) = 25.0%
```

షాపువాళ్ల ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే వచ్చింది. లిస్టులో అమెరికా అడ్రసులు పెరిగేకొద్దీ ఐఫోన్లు పెరిగాయి, వాటితోపాటు ఓపెన్లూ పెరిగాయి. సబ్జెక్ట్ లైన్లు మెరుగైనందుకు కాదు.

ఈ తప్పు రిపోర్టులో ఆగితే ఫర్వాలేదు, ఆటోమేషన్లలోకి పాకింది. "తెరవనివాళ్లకు మళ్లీ పంపు" అన్న నియమం ఆపిల్ మెయిల్ వాడేవాళ్లను ఎప్పుడూ వదిలేస్తోంది. "ఆరు నెలలుగా తెరవనివాళ్లను తీసెయ్" అన్న నియమమైతే, బొమ్మలు ఆపుకొని శ్రద్ధగా చదివే అవుట్‌లుక్ మనుషులను తీసేసి, ఎవరూ చూడని ఐఫోన్ అడ్రసులను భద్రంగా ఉంచుతోంది. రెండింటినీ క్లిక్, ఆర్డర్, సైట్‌లో లాగిన్ అనే మూడు గుర్తుల మీదికి మార్చాం.

దశ 2కు చేర్పు: తెలుగు మెయిలు బరువు

తర్వాతి వారం జీమెయిల్ ఓపెన్లు హఠాత్తుగా పడిపోయాయి. ఈసారి తప్పు తక్కువ వైపు. మెయిలు హెచ్‌టీఎంఎల్ 118 కేబీ ఉంది. జీమెయిల్ 102 కేబీ దగ్గర మెయిలును కోసి, మిగతాది చూడాలంటే నొక్కమంటుంది. ఓపెన్ బొమ్మ మెయిలు అడుగున ఉండటంతో అది దిగనేలేదు.

బరువు ఎక్కడిదని చూస్తే, మెయిల్ ఎడిటర్ ప్రతి తెలుగు అక్షరాన్నీ అంకెల కోడ్‌గా మార్చి దాచుకుంటోంది. `అ` యూటీఎఫ్-8లో 3 బైట్లు, అదే `అ` అని రాస్తే 7 బైట్లు. గుణింతానికీ వత్తుకూ విడివిడిగా అంతే. ఆ మార్పిడిని ఆపి, వాడని స్టైల్ కోడ్ తీసేస్తే 71 కేబీకి దిగింది. ఇంగ్లిష్ మెయిళ్లు పంపేవాళ్లకు ఈ తిప్పలు తక్కువ.

దశ 3: క్లిక్‌లు, క్లిక్-టు-ఓపెన్

తెరిచినవాళ్లలో ఎందరు లింకు నొక్కారో చెప్పేది క్లిక్-టు-ఓపెన్. మనుషుల క్లిక్‌లను మనుషుల ఓపెన్లతో భాగించాలి. మొదటి క్యాంపెయిన్‌లో టూల్ చెప్పిన ప్రకారం 412 మంది నొక్కారు, క్లిక్-టు-ఓపెన్ 7.6%. ఇందులో పైదీ కిందిదీ రెండూ కల్తీవే.

పైన ఉన్న కల్తీ సెక్యూరిటీ స్కానర్లది. ఆఫీసు అడ్రసులకు వెళ్లిన మెయిలును ముందు స్కానర్ అందుకుని, లింకుల వెనక వైరస్ ఏమైనా ఉందా అని తనే నొక్కి చూస్తుంది. వాటిని ఏరడానికి పెట్టిన మొదటి నియమం: "చేరిన 10 సెకన్లలోపు క్లిక్ అయితే బాట్." ఆర్డర్లతో సరిపోల్చితే ఆ నియమం కింద ముగ్గురు నిజమైన కొనుగోలుదారులు ఎగిరిపోయారు. ఫోన్ చేతిలో ఉండగా నోటిఫికేషన్ వస్తే మనిషికి 10 సెకన్లు చాలు. నియమం మార్చాం:

1. చేరిన 60 సెకన్లలోపు క్లిక్ అయి ఉండాలి.
2. ఆ నిమిషంలోనే లోగో, ప్రైవసీ పాలసీతో సహా కనీసం నాలుగు వేర్వేరు లింకులు నొక్కి ఉండాలి.
3. రెండూ కలిస్తేనే బాట్. ఆ తర్వాత ఆర్డర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇందులో చిక్కారా అని చేత్తో చూడాలి.

ఈ జల్లెడలో 74 పోయి 338 మిగిలాయి. స్కానర్ల వల్ల ఇంకో నష్టం కూడా బయటపడింది. మెయిలు అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఒక్క నొక్కుతో పేరు తీసేసేలా ఉంది. స్కానర్ దాన్నీ నొక్కడంతో, అడగనివాళ్లు కూడా లిస్టు నుంచి పోతున్నారు. ఆ లింకు పేజీలో "అవును, తీసేయండి" అనే బటన్ పెట్టాం. మెయిల్ హెడర్లో ఉండే ఒక్క-నొక్కు అన్‌సబ్‌స్క్రైబ్‌తో ఈ ఇబ్బంది లేదు. అది పోస్ట్ రిక్వెస్ట్‌తో, అంటే సర్వర్‌కు విడిగా పంపే ఆదేశంతో నడుస్తుంది కాబట్టి లింకును ఊరికే తెరిచి చూసే స్కానర్ దాన్ని కదపదు.

కింద ఉన్న కల్తీ ఆపిల్‌ది. విడదీస్తే ఇలా వచ్చింది:

- ఆపిల్ కానివాళ్లు: 196 క్లిక్‌లు, 2,120 ఓపెన్లు, 9.2%
- ఆపిల్: 142 క్లిక్‌లు, 3,290 ఓపెన్లు, 4.3%
- కలిపితే: 338 క్లిక్‌లు, 5,410 ఓపెన్లు, 6.2%

ఐఫోన్ వాళ్లకు చీరల మీద ఆసక్తి సగమే అని చదివితే పొరపాటు. వాళ్ల క్లిక్‌లు నిజమైనవి, ఓపెన్లు ఊదినవి. వాళ్లూ 9.2% చొప్పునే నొక్కుతారని అనుకుంటే, 142 క్లిక్‌ల వెనక సుమారు 1,536 నిజమైన ఓపెన్లు ఉండాలి. వాటిని 2,120కి కలిపితే 3,656, అంటే 31%. టూల్ చూపిన 46కూ దీనికీ 15 పాయింట్ల దూరం. ఇది అంచనా మాత్రమే, రిపోర్టులో దీన్ని కొలిచిన అంకెగా రాయలేదు.

ఇక్కడి నుంచి క్లిక్-టు-ఓపెన్ అంటే ఆపిల్ కానివాళ్లదే. దీన్ని వాడే చోటు కూడా కుదించాం. ఒకే సబ్జెక్ట్ లైన్‌తో లోపలి మెయిలు రెండు రకాలుగా పంపినప్పుడు, ఏ లోపలిది బాగుందో ఇది చెబుతుంది. సబ్జెక్ట్ లైన్లు వేరైతే దీన్ని నమ్మలేం, ఎందుకో తర్వాతి దశలో కనిపిస్తుంది.

ఇప్పటివరకు లెక్క: ఓపెన్ 46.0 నుంచి 25.0కు, క్లిక్ మనుషులు 412 నుంచి 338కి, క్లిక్-టు-ఓపెన్ 7.6 నుంచి 9.2కు.

దశ 4: రెండు సబ్జెక్ట్ లైన్లు

లిస్టును యాదృచ్ఛికంగా రెండు సగాలు చేశాం. ఒక్కో సగంలో చేరినవి 5,880. అందులో ముందు క్యాంపెయిన్లలో ఎప్పుడైనా ఆపిల్ ప్రాక్సీ కనిపించినవాళ్లు 1,700, మిగతావాళ్లు 4,180. లోపలి మెయిలు ఒకటే.

- ఏ: "మీ కోసం ఒక చిన్న సర్‌ప్రైజ్ ఉంది"
- బీ: "మంగళగిరి కాటన్ చీరలు, కొత్త రంగులు, రూ. 1,450 నుంచి"

టూల్ రెండు గంటలకే ఏ గెలిచిందని ప్రకటించింది. కొద్దిమందికి పంపి, గెలిచినదాన్ని మిగిలినవాళ్లందరికీ తనే పంపేసే టూల్ సదుపాయాన్ని ముందే ఆపి ఉంచాం, లేకపోతే వాళ్లకు 'ఏ' వెళ్లిపోయేది. చివరి అంకెలు ఏ 48.7%, బీ 44.2%. ఆపిల్ వైపు చూస్తే ఏకు 1,650, బీకి 1,640. సబ్జెక్ట్ ఏదైనా అక్కడ ఓపెన్లు దాదాపు ఒకటే, యంత్రం సబ్జెక్ట్ చదవదు కదా. ఆపిల్ కానివాళ్లలో ఏ 1,212 (29.0%), బీ 961 (23.0%). కల్తీ తీసేశాక 'ఏ' ఆధిక్యం ఇంకా పెరిగింది.

అంటే ఏను నిజంగానే ఎక్కువమంది తెరిచారు. కానీ వాళ్లలో నొక్కినవాళ్లు 85 మంది, 7.0%. బీలో 92 మంది, 9.6%. సర్‌ప్రైజ్ అంటే ఏమిటో చూద్దామని తెరిచినవాళ్లు చీరలు చూసి మూసేశారు. బీని తెరిచినవాళ్లకు లోపల ఏముందో ముందే తెలుసు. క్లిక్-టు-ఓపెన్‌కు ఉన్న లోపం ఇదే: సబ్జెక్ట్ లైన్ జనాన్ని తగ్గించినా ఈ శాతం పెరుగుతుంది. వందమందే తెరిచి ముప్ఫైమంది నొక్కితే 30% కనిపిస్తుంది, గల్లాపెట్టె ఖాళీగానే ఉండొచ్చు. అందుకే భాగించే సంఖ్యను చేరిన మెయిళ్లకు మార్చాం. దాన్ని ఏ యంత్రమూ ఊదలేదు.

దశ 5: తలసరి రాబడి

ఆ క్యాంపెయిన్ వల్ల వచ్చిన డబ్బును, మెయిలు చేరినవాళ్లందరితో భాగిస్తే తలసరి రాబడి. తెరవనివాళ్లూ, నొక్కనివాళ్లూ లెక్కలో ఉంటారు. క్లిక్ తర్వాత 5 రోజుల్లో పెట్టిన ఆర్డర్లను ఆ మెయిలు ఖాతాలో వేశాం.

మొదటిసారి కలిపితే బీ రాబడి లక్ష దాటింది. ఆర్డర్ల పుస్తకంలో అదే బీ ఆర్డర్లు రూ. 48,640. ఒక మనిషి మూడు లింకులు నొక్కితే ఒకే ఆర్డర్ మూడు వరుసల్లో చేరుతోంది, అదీ తప్పు. ముందుగా మనిషికి ఒకే క్లిక్ వరుస ఉంచి, తర్వాత ఆర్డర్లతో కలపాలి.

```sql
WITH c AS (
  SELECT person_id, MIN(clicked_at) AS t
  FROM clicks
  WHERE campaign = 'C2' AND is_bot = 0
  GROUP BY person_id
)
SELECT s.variant,
       SUM(o.net_inr) AS total_inr,
       SUM(o.net_inr) * 1.0 / COUNT(DISTINCT s.person_id) AS rpr
FROM sends s
LEFT JOIN c ON c.person_id = s.person_id
LEFT JOIN orders o
  ON o.person_id = s.person_id
 AND o.placed_at BETWEEN c.t AND c.t + INTERVAL '5 days'
WHERE s.campaign = 'C2' AND s.bounced = 0
GROUP BY s.variant;
```

కోడ్ నడిపాక ఆర్డర్ల మొత్తాన్ని పుస్తకంతో ఒకసారి సరిపోల్చండి. రూపాయి తేడా ఉన్నా ముందుకు వెళ్లొద్దు.

ఆర్డర్ పడగానే వచ్చిన అంకె: ఏ 11 ఆర్డర్లు, రూ. 27,500, తలకు రూ. 4.68. బీ 19 ఆర్డర్లు, రూ. 48,640, తలకు రూ. 8.27. కానీ క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లు గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తుంటాయి. మూడు వారాలు ఆగి, తిరిగొచ్చినవి తీసేశాం. ఏలో 2, బీలో 3 పోయాయి. ఏ రూ. 22,300, తలకు రూ. 3.79. బీ రూ. 41,500, తలకు రూ. 7.06.

బీ దాదాపు రెట్టింపు. రిపోర్టు రాసి పంపే ముందు ఆర్డర్లను పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుస పెట్టి చూస్తే సంగతి తెలిసింది. బీలో ఒక్క ఆర్డర్ రూ. 18,600, పెళ్లికి పెట్టుబడి చీరలు. దాన్ని పక్కన పెడితే బీ రూ. 22,900, తలకు రూ. 3.89. ఏతో తేడా పది పైసలు! ఆ పెళ్లివారు 'ఏ' సగంలో పడి ఉంటే నిర్ణయం తలకిందులయ్యేది.

రెండు మార్పులు చేశాం. ఒక ఆర్డర్ విలువకు రూ. 6,000 పైకప్పు పెట్టాం, షాపులో ఆర్డర్లన్నీ దాదాపు ఆ లోపే ఉంటాయి. అప్పుడు బీ రూ. 28,900, తలకు రూ. 4.91. ఏలో పైకప్పు దాటినవి లేవు. రెండోది, డబ్బుతోపాటు నిలిచిన ఆర్డర్ల సంఖ్యనూ చూడటం. సగాలు సమానంగా ఉన్నప్పుడు చిత్తు కాగితం మీదే చేసుకోగల పరీక్ష ఒకటుంది: రెండు సంఖ్యల తేడాను వాటి మొత్తపు వర్గమూలంతో భాగించండి. 2 దాటితే తేడాను నమ్మొచ్చు.

```
(16 - 9) / sqrt(16 + 9) = 7 / 5 = 1.4
```

దాటలేదు. అదృష్టం కావచ్చు అని రిపోర్టులో రాసి, పరీక్షను కొనసాగించాం.

దశ 6: మరో మూడు వారాలు

అదే పద్ధతి, చీరలు మారాయి. ఊరించే సబ్జెక్ట్ ఒక సగానికి, చీర పేరూ ధరా చెప్పే సబ్జెక్ట్ ఇంకో సగానికి. ప్రతిసారీ సగాలను కొత్తగా కలిపి పంచాం.

నాలుగు క్యాంపెయిన్ల మొత్తం, ఒక్కో వైపు చేరినవి 23,520:

- ఏ: నిలిచిన ఆర్డర్లు 41, పైకప్పుతో రూ. 92,400, తలకు రూ. 3.93, అన్‌సబ్‌స్క్రైబ్ 118
- బీ: నిలిచిన ఆర్డర్లు 63, పైకప్పుతో రూ. 1,27,000, తలకు రూ. 5.40, అన్‌సబ్‌స్క్రైబ్ 61

తేడా 22, మొత్తం 104, దాని వర్గమూలం 10.2, ఫలితం 2.16. గీత దాటింది, కొంచెమే. అన్‌సబ్‌స్క్రైబ్‌ల తేడా మాత్రం ఏ సందేహమూ లేనిది. నాలుగు వారాలూ ఓపెన్ రేట్‌లో గెలిచింది ఏనే. షాపు బీ పద్ధతికి మారింది.

దశ 7: మెయిలు పంపకపోతే?

రూ. 5.40 మెయిలు తెచ్చిందని చెప్పడానికి ఇంకో అడ్డు ఉంది. లింకు నొక్కి కొన్నవాళ్లలో కొందరు ఎలాగూ కొనేవాళ్లే. ఇది తేల్చడానికి 1,176 మందిని పక్కన పెట్టి, ఆరు వారాలు వాళ్లకు ఏ మెయిలూ పంపలేదు. మిగతా 10,584 మందికి ఆరు మెయిళ్లు వెళ్లాయి. ఈసారి క్లిక్‌లు చూడకుండా, రెండు గుంపులూ ఏ దారిన కొన్నా మొత్తం ఆర్డర్లు లెక్కించాం.

- మెయిలు అందినవాళ్లు: రూ. 5,71,500, తలకు రూ. 54
- అందనివాళ్లు: రూ. 48,200, తలకు రూ. 41
- తేడా తలకు రూ. 13, మెయిలుకు సుమారు రూ. 2.17

ఇవే ఆరు మెయిళ్లకు క్లిక్ లెక్కన వచ్చింది సగటున రూ. 4.80. అంటే మెయిలు ఖాతాలో పడిన డబ్బులో సగానికి పైగా మెయిలు లేకపోయినా వచ్చేదేమో.

"ఏమో" అనడానికి కారణం ఉంది. పక్కన పెట్టిన గుంపులో ఆర్డర్లు 21 మాత్రమే. ఇంత చిన్న సంఖ్య అటూ ఇటూ తొమ్మిది ఊగడం మామూలే. ఆ మేరకు తలకు రూ. 41 అన్నది 23 నుంచి 59 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, 54 ఆ మధ్యలోనే ఉంది. గుంపు పెంచితే ఇప్పటి అమ్మకం పోతుందని షాపువాళ్ల భయం, అందులో తప్పులేదు. అందుకే గుంపు అలాగే ఉంచి, మరో పన్నెండు వారాలు లెక్క నడుపుతున్నాం. ఈలోగా డ్యాష్‌బోర్డులో ఓపెన్ రేట్ గడిని కిందికి దింపి "జీమెయిల్ కోత, స్పామ్ అనుమానం వచ్చినప్పుడు చూడటానికి మాత్రమే" అని పేరు పెట్టాం. పై గడిలో తిరిగొచ్చినవి తీసేసిన తలసరి రాబడి ఉంది. అది మూడు వారాలు ఆలస్యంగా నిండుతుంది, సోమవారం ఉదయం దాన్ని తెరిచేవాళ్లకు చిరాకే.